పాత ఫ్రిజ్ అమ్ముతున్నారా? ప్రకటనలో ఏం రాయాలి?

నెలాఖరు దగ్గర పడిందంటే హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి ప్రకటన ఒకటి కనిపిస్తూనే ఉంటుంది: ‘డబుల్ డోర్ ఫ్రిజ్ అమ్మబడును. గుడ్ కండిషన్. బదిలీ అయింది, అర్జెంట్.’ కింద ఒక ఫొటో ఉంటుంది. అందులో మూసి ఉన్న తలుపులు తప్ప మరేమీ కనిపించదు.

ఆ తర్వాత ఫోన్లు మొదలవుతాయి. ‘ఎప్పుడు కొన్నారండీ?’, ‘గ్యాస్ ఎప్పుడైనా నింపించారా?’, ‘ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా?’. పది మంది అడిగితే పది మందికీ అవే జవాబులు చెప్పాలి. చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది మెట్లు చూసి వెనక్కి తిరుగుతారు. ఇల్లు ఖాళీ చేయాల్సిన రోజు వచ్చేస్తుంది, ఫ్రిజ్ మాత్రం వంటగదిలోనే ఉంటుంది. చివరికి పాత సామాన్లు కొనేవాడు చెప్పిన ధరకి ఇచ్చేస్తారు.

‘గుడ్ కండిషన్’ అన్న మాటలో కొనేవాడికి పనికొచ్చే సమాచారం ఏదీ లేదు. అతనికి కావాల్సినవి మూడు: వస్తువు వయసెంత, ఇప్పుడు ఎలా నడుస్తోంది, దాన్ని తన ఇంటికి ఎలా చేర్చుకోవాలి. ఈ మూడూ ముందే రాసిన ప్రకటనకు ఫోన్లు తక్కువ వస్తాయి, వచ్చినవాళ్ళు కొనే ఉద్దేశంతో వస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కూకట్‌పల్లిలో మూడో అంతస్తులో అద్దెకుంటున్న కుటుంబం విశాఖపట్నం బదిలీ మీద వెళ్తోంది. 260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్ ఉంది. అక్కడికి మోసుకెళ్ళే ఖర్చు దండగ అనుకుని అమ్మేద్దామనుకున్నారు.

మొదటి ప్రశ్న వయసు. ‘ఐదారేళ్ళయి ఉంటుంది’ అని ఇంటాయన అంటారు. ‘పాప బడిలో చేరిన ఏడాది కొన్నాం కదా, ఇంకా ఎక్కువే’ అని ఇంటావిడ అంటారు. ఇలా జ్ఞాపకాల మీద ఆధారపడితే వయసు దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. కాగితం దొరికితే ఆ వాదన ఉండదు. బిల్లు పోయినా దారులున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నదైతే పాత ఆర్డరు మెయిల్‌లో ఉంటుంది. షాపులో కొన్నదైతే, అప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుతో కంపెనీ కస్టమర్ కేర్‌లో అడిగితే నమోదైన కొనుగోలు తేదీ దొరికే అవకాశం ఉంది. ఇక ఫ్రిజ్ లోపల గోడ మీద, కూరగాయల ట్రే దగ్గర, లేదా వెనక వైపు ఒక స్టిక్కరు ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, లీటర్లు, వాడిన గ్యాస్ పేరు దాని మీద ముద్రించి ఉంటాయి. కొన్ని కంపెనీలు తయారైన నెల, సంవత్సరం కూడా వేస్తాయి. వాషింగ్ మెషీన్‌కైతే ఈ స్టిక్కరు వెనక రేకు మీదో, తలుపు అంచు దగ్గరో కనిపిస్తుంది. ఆ స్టిక్కరును స్పష్టంగా ఫొటో తీసి ప్రకటనతో పెడితే సగం ప్రశ్నలు అక్కడే ఆగిపోతాయి.

మన ఉదాహరణలో బిల్లు దొరికింది. 2018 నవంబరు. స్టిక్కరు మీద తయారీ అదే ఏడాది జూన్. ప్రకటనలో ‘ఇన్నేళ్ళ పాతది’ అని కాకుండా ‘2018 నవంబరులో కొన్నాం’ అని రాయడమే మేలు. లెక్క కొనేవాడే వేసుకుంటాడు. అది మొదటి నుంచీ వీళ్ళ దగ్గరే ఉందా, వీళ్ళు కూడా ఇంకొకరి దగ్గర కొన్నారా అన్నదీ చెప్పాలి. ఆరు నెలలో ఏడాదో తాళం వేసిన ఇంట్లో ఆపి ఉంచిన ఫ్రిజ్ అయితే ఆ మాటా రాయాలి. తలుపులు మూసి వదిలేసిన ఫ్రిజ్‌లో బూజు, వాసన పడతాయి, తలుపు చుట్టూ ఉండే రబ్బరు బిరుసెక్కుతుంది.

స్టార్ల గురించి ఒక జాగ్రత్త. తలుపు మీద అతికించిన విద్యుత్ పొదుపు లేబుల్‌లో ఎన్ని నక్షత్రాలున్నాయో అందరూ రాస్తారు, అది ఏ సంవత్సరం లేబులో రాయరు. ఇంధన సామర్థ్య బ్యూరో ఆ ప్రమాణాలను కొన్నేళ్ళకోసారి కఠినం చేస్తూ వస్తోంది. అందువల్ల 2018 నాటి త్రీ స్టార్, నేటి త్రీ స్టార్ ఒకటి కావు. అదే లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో అంకె ఉంటుంది. కరెంటు బిల్లు లెక్క చూసుకునేవాడికి నక్షత్రాల కన్నా ఆ అంకె ఎక్కువ పనికొస్తుంది.

వారంటీ మాట కూడా వయసుతో ముడిపడిందే. కంప్రెసర్‌కి పదేళ్ళ వారంటీ అని చాలా ఫ్రిజ్‌ల మీద రాసి ఉంటుంది. అది కొన్న తేదీ నుంచి లెక్క. సాధారణంగా అది కంప్రెసర్ అనే భాగానికే వర్తిస్తుంది. గ్యాస్ నింపడం, మెకానిక్ కూలీ మొదటి ఏడాది తర్వాత మనమే కట్టుకోవాల్సి రావడం మామూలే. వారంటీ మొదటి కొనుగోలుదారుకే అని కొన్ని కార్డుల మీద ఉంటుంది. కాబట్టి ‘ఇంకా వారంటీ ఉంది’ అని ధైర్యంగా రాసే ముందు ఆ కార్డు వెనక ఉన్న సన్నక్షరాలు చదవాలి. కార్డును ఫొటో తీసి పెడితే ఇంకా మంచిది.

ఇక అసలు విషయం, నడిచే తీరు. ‘బాగా నడుస్తోంది’ అన్న మాటకు కొలత ఉంది. ఫ్రీజర్‌లో సున్నాకి దిగువన 18 డిగ్రీలు, కింద అరలో 3 నుంచి 5 డిగ్రీలు ఉంటే ఆ ఫ్రిజ్ చేయాల్సిన పని చేస్తున్నట్టు. కొన్ని వందల రూపాయల్లో దొరికే ఫ్రిజ్ థర్మామీటరును ఒక గ్లాసు నీళ్ళలో ముంచి మధ్య అరలో రాత్రంతా ఉంచి, పొద్దున తలుపు తీయగానే చూస్తే సరిపోతుంది. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన క్షణంలోనే అంకె మారిపోతుంది, నీళ్ళలో ఉంటే నిలబడుతుంది.

డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ తెలియకుండా దాగే లోపం ఒకటుంది. వీటిని ఫ్రాస్ట్ ఫ్రీ అంటారు. ఫ్రీజర్ వెనక పలక చాటున చల్లటి తీగచుట్ట ఉంటుంది. ఒక ఫ్యాను ఆ చల్లగాలిని పైకీ కిందికీ పంపుతుంది. ఆ చుట్ట మీద పేరుకునే మంచును కరిగించడానికి ఒక చిన్న హీటరు రోజులో అప్పుడప్పుడు వేడెక్కుతుంది. ఆ హీటరో, దాన్ని నడిపే సెన్సరో పాడైతే మంచు కరగదు, గాలి దారి మూసుకుపోతుంది. పైన ఫ్రీజర్‌లో ఐస్ గడ్డ కడుతూనే ఉంటుంది, కింద పాలు విరుగుతాయి.

ఇక్కడే చిక్కు. అలాంటి ఫ్రిజ్‌ను ఒక రోజంతా ఆపి తలుపులు తెరిచి ఉంచితే మంచంతా కరిగిపోతుంది. మళ్ళీ పెడితే కొన్ని రోజులపాటు కొత్త ఫ్రిజ్‌లా చల్లబరుస్తుంది. ఆ తర్వాత మళ్ళీ అదే కథ. అందుకే ‘శుభ్రం చేసి నిన్ననే పెట్టాం, చూడండి ఎంత చల్లగా ఉందో’ అన్న మాటకు బలం లేదు. గత రెండు వారాలుగా ఆపకుండా నడుస్తోందని, కింద అర చల్లగా ఉందని చెప్పగలిగితే అది రుజువు. కొనేవాడు అడగాల్సిన ప్రశ్న కూడా అదే: ‘చివరిసారి ఎప్పుడు ఆపారు?’

ఒకే తలుపున్న పాత రకం ఫ్రిజ్‌లో కథ వేరు. అక్కడ ఫ్రీజర్ గోడల మీద మంచు పట్టడం సహజం. ఆ మంచు అన్ని వైపులా సమంగా కాకుండా ఒక మూలనే పడుతుంటే గ్యాస్ తగ్గిందేమో అని అనుమానించాలి. గడ్డకట్టిన ఐస్‌ను చాకుతోనో స్క్రూడ్రైవరుతోనో పొడిచి తీసే ఇళ్ళలో ఆ పలుచని గోడకు చిల్లు పడి గ్యాస్ పోవడం మెకానిక్‌లు తరచు చూసే సంగతే. అతుకు వేయించినా, అతుకు వేయించామని చెప్పడం న్యాయం.

గ్యాస్ ప్రశ్న ప్రతి కొనుగోలుదారూ అడుగుతాడు, అడగడంలో అర్థముంది. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడుతూ ఉంటే ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే తిరుగుతూ ఉంటుంది. అది తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు కనిపెట్టి మూయకుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్నాళ్ళకి మళ్ళీ పోతుంది. కాబట్టి ‘గ్యాస్ నింపించాం’ అన్నది మంచి వార్త కాదు. ‘ఫలానా చోట లీకు ఉంటే మూయించి, ఫలానా నెలలో గ్యాస్ నింపించాం, అప్పటి నుంచి ఇబ్బంది లేదు’ అన్నది పూర్తి వార్త. వెనక కంప్రెసర్ దగ్గర ఒక పొట్టి రాగి గొట్టం ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు దాని కొస నొక్కి మూసి ఉంటుంది. బయట గ్యాస్ నింపినప్పుడు అక్కడ చిన్న వాల్వు ఒకటి మిగిలిపోవడం మామూలు. తెలిసిన కొనుగోలుదారు వంగి చూసేది దాన్నే. గ్యాస్ పేరు R600a అని స్టిక్కరు మీద ఉంటే అది మండే గుణమున్నది. దానితో పని నేర్చిన మెకానిక్ చేతే ముట్టించాలి.

ఇంకో రెండు పరీక్షలు ఎవరైనా చేసుకోవచ్చు. తలుపు మధ్య ఒక నోటు పెట్టి మూసి లాగితే కాస్త పట్టు తెలియాలి. జారుకుని వచ్చేస్తే అక్కడ రబ్బరు వదులైనట్టు. తలుపు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడాలి. రెండోది, చెవితో. కంప్రెసర్ ‘టక్’మని మొదలై కొన్ని సెకన్లకే మళ్ళీ ‘టక్’మని ఆగిపోతూ, అదే పదేపదే జరుగుతుంటే రిలేలోనో కంప్రెసర్‌లోనో లోపం ఉంది. అదే ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే సన్నటి శబ్దంతో చాలాసేపు ఆగకుండా నడవడం దాని స్వభావం. నేటి ఫ్రిజ్‌ల పక్క గోడలు వేడిగా తగలడమూ లోపం కాదు. వేడిని బయటికి వదిలే గొట్టాలు చాలా మోడళ్ళలో ఆ గోడల్లోనే ఉంటాయి. ఈ సంగతి తెలియని కొనుగోలుదారు గోడ మీద చెయ్యి పెట్టి భయపడతాడు. ముందే చెప్తే ఆ భయం ఉండదు.

వాషింగ్ మెషీన్‌కి ఇంత ఓపిక అక్కర్లేదు, పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. పూర్తి ఉతుకు అయ్యేదాకా ఎవరూ కూర్చోలేరు కాబట్టి ‘రిన్స్, స్పిన్’ ఒక్కటే పెట్టి చూపించాలి. నీళ్ళు ఎక్కడం, డ్రమ్ము తిరగడం, నీళ్ళు పోవడం, చివర వేగంగా పిండడం నాలుగూ అందులో కనిపిస్తాయి. పిండే సమయంలో లోపల్నుంచి గరగరమని పెద్ద రొద వస్తే బేరింగ్ అరిగినట్టు. మెషీన్ ఆపి డ్రమ్ము లోపలి అంచు పట్టుకుని పైకి లేపి చూస్తే, స్ప్రింగుల మీద మెత్తగా ఊగడం కాకుండా ఇరుసు దగ్గర లటలటమంటే అదే రుజువు. ఫ్రంట్ లోడ్‌లో బేరింగ్ మార్చాలంటే దాదాపు మెషీనంతా విప్పాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవాల్సి ఉంటుంది. బోరు నీళ్ళతో ఉతికిన మెషీనైతే ఆ మాట కూడా రాయాలి. ఉప్పు నీళ్ళకి హీటరు మీద, లోపల తెల్లటి పొర కడుతుంది. తెర మీద ఎప్పుడైనా తప్పు కోడ్ వస్తుంటే, ఆ అక్షరాలు యథాతథంగా రాస్తే కొనేవాడు తన మెకానిక్‌ను అడిగి తెలుసుకుంటాడు.

లోపాలు రాస్తే ఎవరు కొంటారన్న సందేహం అమ్మేవాళ్ళకి ఉంటుంది. దీనికి చట్టం వైపు నుంచీ ఒక జవాబుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, వ్యాపారి కాని వ్యక్తి తన ఇంటి వస్తువు అమ్మేటప్పుడు నాణ్యత చూసుకునే బాధ్యత చాలావరకు కొనేవాడిదే. అయితే అదే చట్టంలోని 15వ సెక్షన్ ఇంకో మాట చెబుతుంది: వర్ణనను బట్టి జరిగిన అమ్మకంలో వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. అంటే ప్రకటనలో రాసిన ప్రతి మాటా హామీ కిందికి వచ్చే వీలుంది. తెలిసిన లోపాన్ని పనిగట్టుకుని కప్పిపుచ్చడం కాంట్రాక్టు చట్టం దృష్టిలో మోసం. ‘ఏ లోపమూ లేదు’ అని ఉత్సాహంగా రాసేసిన వాక్యం కన్నా, ‘కూరగాయల ట్రే పగిలింది’ అని నిజాయితీగా రాసిన వాక్యమే అమ్మేవాడిని కాపాడుతుంది. బేరం కూడా కుదురుతుంది, ఎందుకంటే ఇంటికి వచ్చాక కొత్తగా బయటపడేదేమీ ఉండదు.

చాలా ప్రకటనల్లో మూడో ప్రశ్నకు, అంటే తీసుకెళ్ళే ఏర్పాటుకు, చోటే ఉండదు. బేరాలు ఎక్కువగా చెడేది అక్కడే. ఫ్రిజ్ విషయంలో రెండు అవసరాలు ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి. కొనేవాడు చూడటానికి వచ్చినప్పుడు అది నడుస్తూ ఉండాలి. బండి వచ్చినప్పుడు అది ఆగి, ఖాళీగా, పొడిగా ఉండాలి. నడుస్తున్న ఫ్రిజ్‌ను అప్పటికప్పుడు ఆపి ఎత్తిస్తే కరిగిన నీళ్ళు మెట్ల నిండా కారతాయి. కాబట్టి చూసే రోజు, తీసుకెళ్ళే రోజు వేరుగా పెట్టి, మధ్యలో కొంత బయానా తీసుకోవడం మంచి పద్ధతి. ముందు రోజు సాయంత్రం ఆపి, రాత్రంతా తలుపులు తెరిచి ఉంచి, వెనక కింద ఉండే నీళ్ళ ట్రే ఒంపి, అద్దం అరలు తీసి పాత దుప్పట్లో చుట్టి, పొద్దున తలుపులకు టేపు వేస్తే మోయడానికి సిద్ధం.

కొలతలు ఇవ్వడం మరువకూడదు. ఫ్రిజ్ వెడల్పు, లోతు, ఎత్తు ఎంత ముఖ్యమో మెట్ల మలుపు దగ్గర ఉన్న ఇరుకు, లిఫ్ట్ తలుపు వెడల్పు అంతే ముఖ్యం. లిఫ్ట్ లేని మూడో అంతస్తు నుంచి దించాలంటే ఇద్దరు హమాలీలు కావాలి. వాళ్ళు అంతస్తును బట్టి కూలీ అడుగుతారు. ఆ కూలీ, ట్రాలీ ఆటో కిరాయి ఎవరివో ముందే రాయకపోతే బండి గేటు ముందు ఆగాక వాదన మొదలవుతుంది. పెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో సామాను బయటికి పోవాలంటే గేట్ పాస్ అడుగుతారు, సామాన్ల లిఫ్ట్‌ను కొన్ని గంటల్లోనే వాడనిస్తారు. ఆ పాస్ తీసిపెట్టే పని అమ్మేవాళ్ళదే.

బండిలో ఫ్రిజ్ నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని నూనె గొట్టాల్లోకి జారుతుంది. వెంటనే స్విచ్ వేస్తే నూనె లేకుండా కంప్రెసర్ తిరిగే ప్రమాదం ఉంది. నిలబెట్టి తెచ్చినా మూడు నాలుగు గంటలు ఆగి పెట్టడం క్షేమం. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే ఒక రోజంతా నిలబెట్టి ఉంచాకే పెట్టాలి. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కి ఇంకో నియమం ఉంది. కొత్తగా వచ్చినప్పుడు వెనక డ్రమ్మును కదలకుండా బిగించిన పొడవాటి బోల్టులు ఉంటాయి, వాటిని తీసి దాచుకోమంటారు. తరలించేటప్పుడు అవి మళ్ళీ బిగించాలి. లేకపోతే దారిలో గతుకులకి డ్రమ్ము కొట్టుకుని లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఆ బోల్టులు ఉన్నాయో పోయాయో ప్రకటనలో రాస్తే అమ్మేవాడు వస్తువును జాగ్రత్తగా చూసుకున్నాడని కూడా తెలుస్తుంది.

డబ్బు దగ్గర ఒక హెచ్చరిక. ‘నేను ఆర్మీలో పనిచేస్తాను, ఫ్రిజ్ చూడక్కర్లేదు, మా బండి వచ్చి తీసుకెళ్తుంది, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే మీకు డబ్బు పడుతుంది’ అని ఫోన్ వస్తే అది మోసమని తేల్చుకోవచ్చు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని లేదు, పిన్ కొట్టాల్సిన పని అంతకన్నా లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మన ఖాతా నుంచి పోతున్నట్టే. వాడిన ఫ్రిజ్‌ను చూడకుండా, ధర తగ్గించమని అడగకుండా కొంటానన్నవాడిని అనుమానించాలి.

ఇవన్నీ కలిపితే కూకట్‌పల్లి కుటుంబం ప్రకటన ఇలా తయారవుతుంది:

‘260 లీటర్ల డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్, 3 స్టార్ (2018 లేబుల్). 2018 నవంబరులో కొత్తగా కొన్నాం, బిల్లు ఉంది. అప్పటి నుంచి మా ఇంట్లోనే. 2022 మే నెలలో డీఫ్రాస్ట్ హీటర్ మార్పించాం, రసీదు ఉంది. గ్యాస్ ఎప్పుడూ నింపించలేదు. రెండు నెలలుగా ఆపకుండా నడుస్తోంది. ఫ్రీజర్ మైనస్ 18, కింద అర 4 డిగ్రీలు. లోపాలు: కూరగాయల ట్రే పగిలింది, కింద తలుపు రబ్బరు ఒక మూల కొంచెం వదులు, ఎడమ పక్క అడుగున అరచేయంత తుప్పు. స్టాండు, స్టెబిలైజర్ ధరలో కలిపే. వెడల్పు 56, లోతు 66, ఎత్తు 155 సెంటీమీటర్లు. మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, మెట్లు ఇరుకైన చోట 85 సెంటీమీటర్లు. 27 వరకు సాయంత్రం 6 తర్వాత నడుస్తుండగా చూడవచ్చు. 29 ఆదివారం ఉదయం 9 నుంచి 12 లోపు తీసుకెళ్ళాలి. బండి, హమాలీ ఖర్చు కొనేవారిది. చూసి నచ్చాక బయానా, మిగతాది ఫ్రిజ్ దించే ముందు.’

దీనికి నాలుగు ఫొటోలు చాలు: తలుపులు తెరిచిన ఫ్రిజ్, స్టిక్కరు, తుప్పు పట్టిన చోటు, మెట్ల మలుపు. తుప్పు ఫొటో దాచిపెట్టి, మిగతావి ఎంత అందంగా తీసినా లాభం లేదు. ఇంటికి వచ్చినవాడి చూపు మొదట దాని మీదే పడుతుంది.

పైన చెప్పిన పరీక్షల్లో ఫ్రిజ్ తప్పిందని, బాగుచేయించే ఖర్చు దాని ధరను మించిందని తేలితే దాన్ని ‘కొంచెం రిపేరు ఉంది’ అని రాసి ఇంకొకరి నెత్తిన వేయవద్దు. పాత సామాన్ల దుకాణంలో ఇస్తే చాలాచోట్ల రాగి కోసం గొట్టాలు కోసేసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేస్తారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల కిందికి ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్‌లు కూడా వస్తాయి. వాటి పునర్వినియోగ బాధ్యత తయారీదారులది. కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, పాత యంత్రాన్ని ఎవరికి అప్పగించాలో అడగండి. కొత్తది కొంటుంటే, షాపువాళ్ళు ఎక్స్ఛేంజ్ కింద తీసుకున్న పాతది ఎక్కడికి వెళ్తుందో కూడా అడిగి తెలుసుకోండి.